పదకొండు పేజీల అగ్రిమెంటు, ఒక్క పేజీ సారాంశం

ఫ్రీలాన్స్ పని ఒప్పందం ఎన్ని పేజీలున్నా, పనిచేసే మనిషికి రోజూ తగిలే షరతులు అందులో నాలుగు రకాలే. డబ్బు ఎంత, ఎప్పుడు వస్తుంది? చేసిన పని ఎవరి సొంతమవుతుంది? మార్పులు ఎన్నిసార్లు చేసిపెట్టాలి? మధ్యలో ఎవరైనా వద్దనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? మిగతా పేజీల్లో ఉండేది చాలావరకు ఈ నాలుగింటికి సంబంధించిన నిర్వచనాలు, మినహాయింపులు, గొడవ వస్తే ఎక్కడ తేల్చుకోవాలన్న ఏర్పాట్లు. అందుకే సంతకానికి ముందు ఒప్పందాన్ని ఈ నాలుగు అంశాల కింద ఒక పేజీకి కుదించుకునే పద్ధతి వచ్చింది.

చూడ్డానికి ఇది తేలిక పనిలా కనిపిస్తుంది. చెల్లింపు అని ఉన్న చోట నుంచి రెండు వాక్యాలు, కాపీరైట్ అని ఉన్న చోట నుంచి మరో రెండు ఎత్తి రాసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. అలా రాసుకున్న సారాంశం మోసం చేస్తుంది. ఒప్పందంలో ఒక షరతు ఒక పేజీలో ఉంటే, దాన్ని నడిపించే మాట ఇంకో పేజీలో ఉంటుంది. ఆ మాటను వదిలేసిన సారాంశం కంటే అసలు సారాంశం లేకపోవడమే నయం, ఎందుకంటే అది ఉన్న భయాన్ని కూడా పోగొడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసే ఒక గ్రాఫిక్ డిజైనర్‌కు గుంటూరులోని ఒక పచ్చళ్ల కంపెనీ పని అప్పగించింది అనుకుందాం. ఆవకాయ, గోంగూర, మాగాయ, ఉసిరికాయ ఇలా 12 రకాల పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు తయారు చేయాలి. లేబుల్‌కు 5,000 రూపాయలు, మొత్తం 60,000. కంపెనీ 11 పేజీల ఇంగ్లిష్ అగ్రిమెంటు పంపింది. ఇది ఊహించిన ఉదాహరణే, కానీ ఇందులోని షరతులు మాత్రం చేతులు మారుతూ తిరిగే నమూనా అగ్రిమెంట్లలో తరచుగా కనిపించేవే.

ముందు చదవాల్సింది నిర్వచనాలు

చాలామంది నిర్వచనాల పేజీని తిప్పేసి నేరుగా డబ్బు దగ్గరికి వెళ్తారు. కుదింపు పని మొదలవ్వాల్సింది మాత్రం ఆ పేజీతోనే. ఈ అగ్రిమెంటులో మొదటి పేజీలో రెండు మాటలకు ప్రత్యేకమైన అర్థం ఇచ్చారు. ఒకటి ‘అంగీకారం’. కంపెనీ తన ఇష్టప్రకారం, తృప్తి చెందినట్టు రాతపూర్వకంగా చెప్పడమే అంగీకారం అని అక్కడ ఉంది. రెండోది ‘పని ఫలితం’. పూర్తయిన లేబుళ్లే కాదు, చిత్తు ప్రతులు, పక్కన పెట్టేసిన నమూనాలు, పెన్సిల్ గీతలు కూడా పని ఫలితం కిందకే వస్తాయి.

ఈ రెండు మాటలు తర్వాతి పేజీల్లో ఎక్కడెక్కడ వస్తాయో వెతికి, ప్రతిచోటా గుర్తు పెట్టుకోవాలి. ‘అంగీకారం’ అనే మాట చెల్లింపు షరతులోనూ, మార్పుల షరతులోనూ, రద్దు షరతులోనూ ఉంది. అంటే మూడు షరతుల తాళంచెవి ఒకే మాటలో ఉందన్నమాట. ‘పని ఫలితం’ యాజమాన్య షరతులో ఉంది. అగ్రిమెంటు చివరన అతికించే అనుబంధాన్ని కూడా ఇదే దశలో చదవాలి. రేట్లు, తేదీలు, అడ్వాన్సు లాంటివి సాధారణంగా అక్కడే ఉంటాయి. అనుబంధానికీ అసలు అగ్రిమెంటుకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో చెప్పే వాక్యం ఉందేమో కూడా చూసుకోవాలి.

ఆ తర్వాత ప్రతి షరతునూ ఒకే అచ్చులో తిరగరాయాలి: ‘ఫలానాది జరిగితే, ఫలానావారు, ఇన్ని రోజుల్లో, ఇది చేయాలి.’ పక్కన క్లాజు నంబరు వేయాలి. ఈ అచ్చులో ఏదైనా ఖాళీ మిగిలితే, అంటే ఎన్ని రోజులో లేకపోయినా, ఎవరు చేయాలో లేకపోయినా, ఆ చోట ‘ఒప్పందంలో లేదు’ అని రాయాలి. ఆ రెండు మాటలు సారాంశంలో అన్నిటికంటే విలువైనవి. ఒప్పందం మాట్లాడని చోట చట్టం మాట్లాడుతుంది. చట్టం చెప్పేది కొన్నిచోట్ల పనిచేసేవాడికి మేలు, కొన్నిచోట్ల కాదు.

డబ్బు: గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

పచ్చళ్ల కంపెనీ అగ్రిమెంటులో నాలుగో పేజీ ఇలా చెబుతుంది: ఇన్వాయిస్ అందిన 60 రోజుల్లో చెల్లింపు. తొందరపడి రాసుకున్న సారాంశంలో ‘60 రోజులు’ అని పడుతుంది. అదే పేజీలో రెండు వాక్యాల కింద, అంగీకారం వచ్చాకే ఇన్వాయిస్ పంపాలని ఉంది. అంగీకారం ఎప్పుడిస్తారో గడువు లేదు. కాబట్టి నిజమైన సారాంశం ఇది: ‘కంపెనీ తనకు తృప్తి కలిగిందని రాసి ఇచ్చిన తర్వాత ఇన్వాయిస్ పంపాలి, అప్పటి నుంచి 60 రోజులు. తృప్తి తెలపడానికి గడువు: ఒప్పందంలో లేదు.’ మొదటిది చదివితే రెండు నెలల్లో డబ్బు వస్తుందనిపిస్తుంది. రెండోది చదివితే గడియారం ఇంకా మొదలే కాలేదని తెలుస్తుంది.

ఇక్కడ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006 పనికొస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్రీలాన్సర్ ఈ చట్టం కింద సేవలందించే సూక్ష్మ సంస్థ అవుతారు. కొనుగోలుదారు, సూక్ష్మ లేదా చిన్న సంస్థ ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులకు మించకూడదని ఆ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. గడువు గురించి ఒప్పందమే లేకపోతే 15 రోజులు. అంతకంటే ముఖ్యమైన సంగతి నిర్వచనాల్లో ఉంది: పని అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, పని అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ‘చూస్తున్నాం, చెబుతాం’ అంటూ నెలలు గడిపేవారికి ఈ ఒక్క వాక్యమే సమాధానం.

ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18 శాతం, నెలకు ఒకటిన్నర శాతం. అడ్వాన్సు 18,000 పోగా రావాల్సిన 42,000 రూపాయలు నాలుగు నెలలు ఆలస్యమైతే వడ్డీ సుమారు 2,577 రూపాయలు అవుతుంది. మొత్తం చిన్నదే అయినా, కంపెనీల అకౌంట్స్ విభాగాలను కదిలించేది ఇంకొకటి ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి చెల్లించిన డబ్బును, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోనిచ్చే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో అమల్లోకి వచ్చింది. మార్చి నెలాఖరుకు బకాయి ఉంచితే కంపెనీకి పన్ను పెరుగుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. పని ఒప్పుకోకముందే చేయించుకుని, ఇన్వాయిస్ మీద ఆ నంబరు వేయడం మంచిది.

చెల్లింపు అంశం కింద ఇంకో లెక్క కూడా రాసుకోవాలి: చేతికి వచ్చేది ఎంత. కంపెనీ ఒక ఏడాదిలో వృత్తి రుసుము కింద ఇచ్చేది 50,000 దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోస్తుంది. 60,000లో 6,000 అలా పోయి 54,000 వస్తుంది. ఆ 6,000 పోయినట్టు కాదు, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటనివారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాటినవారు మాత్రం ఒప్పుకున్న రేటు జీఎస్టీ కలుపుకునా, అది కాకుండానా అన్నది రాయించుకోవాలి. ఆ ఒక్క మాట లేకపోతే 18 శాతం తమ జేబులోంచే పోవచ్చు.

యాజమాన్యం: చట్టం ఎవరి పక్షం?

డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి పని మాదే అని కంపెనీలు గట్టిగా నమ్ముతాయి. కాపీరైట్ చట్టం, 1957 అలా చెప్పదు. 17వ సెక్షన్ ప్రకారం మొదటి యజమాని రచయితే, అంటే పనిని సృష్టించిన మనిషే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమాని ఉద్యోగమిచ్చినవారు. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు కాబట్టి ఆ మినహాయింపు వర్తించదు. అయితే అదే సెక్షన్‌లో ఇంకో మినహాయింపు ఉంది: డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటో, గీసిన పెయింటింగ్ లేదా రూపచిత్రం, చేసిన ఎన్‌గ్రేవింగ్, సినిమా, వీటికి వేరే ఒప్పందం లేకపోతే చేయించుకున్నవారే యజమానులు. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కూ వెబ్‌సైట్‌కు వ్యాసం రాసేవారికీ చట్టంలో ఇంత తేడా ఉందని చాలామందికి తెలియదు. లేబుల్ డిజైన్ ఈ జాబితాలో పేరుపెట్టి లేదు. కానీ లేబుల్ మీద చేత్తో గీసిన మామిడికాయ పెయింటింగ్ అవుతుందా అన్న వాదన రావచ్చు. అందుకే ఈ అంశం కింద మౌనం ఎవరికీ మంచిది కాదు.

యాజమాన్యం బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతలో ఉండాలి, హక్కులు ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ పని, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతంలో, ఎంత ప్రతిఫలానికి అన్నది చెప్పాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే పూరిస్తుంది. హక్కులు తీసుకున్నవారు ఏడాదిలోపు వాటిని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, ఆ హక్కులు తీరిపోయినట్టే. కాబట్టి సారాంశంలో ‘కాపీరైట్ కంపెనీది’ అని ఊరుకోకుండా, ఈ ఐదు వివరాల్లో ఏవి ఉన్నాయో, ఏవి లేవో రాయాలి.

పచ్చళ్ల కంపెనీ అగ్రిమెంటులో ఆరో పేజీ ఇలా ఉంది: పని ఫలితం సృష్టి అయిన క్షణం నుంచే శాశ్వతంగా, ప్రపంచమంతటా కంపెనీది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. పని ఫలితంలో పక్కన పెట్టేసిన నమూనాలు కూడా ఉన్నాయి కాబట్టి, కంపెనీ వద్దన్న డిజైన్‌ను ఇంకో గిరాకీకి మార్చి ఇచ్చే దారి డిజైనర్‌కు లేదు. ఇక సృష్టి అయిన క్షణం అంటే, డబ్బు రాకముందే హక్కు చేయి దాటిపోయింది. ఈ చిన్న మాటను ‘పూర్తి చెల్లింపు అందిన రోజు నుంచి’ అని మార్పించుకోవడమే డిజైనర్ అడగదగ్గ అతి ముఖ్యమైన సవరణల్లో ఒకటి. డబ్బు ఆగిపోతే అప్పుడు లేబుల్ వాడకాన్ని ఆపమనే హక్కు మిగిలి ఉంటుంది.

హక్కులన్నీ రాసిచ్చినా ఒకటి మాత్రం మిగులుతుంది. ఆ పని తనదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద సృష్టికర్తకు విడిగా ఉంటాయి. అయినా పని నమూనాలను తన పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవడానికి అనుమతి అనే వాక్యం వేరుగా రాయించుకోవడం మంచిది. గోప్యత షరతు దానికి అడ్డు రావచ్చు.

అమెరికా గిరాకీలు పంపే అగ్రిమెంట్లలో ‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ అనే మాట కనిపిస్తుంది. అది అమెరికా కాపీరైట్ చట్టపు మాట. అక్కడ కూడా స్వతంత్రంగా పనిచేసేవారి విషయంలో అది చట్టం పేర్కొన్న కొన్ని రకాల పనులకు, ఇద్దరూ సంతకం చేసిన రాత ఉంటేనే వర్తిస్తుంది. అందుకే ఆ మాట కిందనే, ఒకవేళ అది చెల్లకపోతే హక్కులన్నీ బదిలీ చేస్తున్నానని ఇంకో వాక్యం ఉంటుంది. సారాంశంలోకి రావాల్సింది ఆ రెండో వాక్యం.

మార్పులు: డబ్బుకు తాళం ఇక్కడే

నాలుగింటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది మార్పుల పరిమితి. నిజానికి మిగతా మూడూ దీనిమీదే ఆధారపడతాయి. పచ్చళ్ల కంపెనీ అగ్రిమెంటు ఐదో పేజీలో ‘కంపెనీ తృప్తి చెందేవరకు సమంజసమైన మార్పులు’ అని ఉంది. సమంజసం అంటే రెండా, పన్నెండా? సారాంశంలో దీన్ని ‘సమంజసమైన మార్పులు’ అని రాస్తే అది కుదింపు కాదు, నకలు. ‘పరిమితి లేదు, తృప్తి చెందేవరకు, అదనపు రుసుము ఒప్పందంలో లేదు’ అని రాస్తేనే విషయం బయటపడుతుంది. మార్పులు ఆగనంతవరకు అంగీకారం రాదు, అంగీకారం రానంతవరకు ఇన్వాయిస్ లేదు.

పరిమితి పెట్టాలంటే అంకె ఒక్కటే చాలదు. ముందు మార్పు అంటే ఏమిటో తేలాలి. ఆవకాయ లేబుల్ మీద ఎరుపు కాస్త ముదురు చేయడం మార్పు. మామిడికాయ బొమ్మ తీసేసి జాడీ బొమ్మ పెట్టి మొత్తం కొత్తగా వేయమనడం మార్పు కాదు, కొత్త పని. డిజైనర్ చేసిన అక్షరదోషాన్ని దిద్దడం మార్పుల లెక్కలోకి రాకూడదు, అది ఎప్పుడైనా ఉచితంగా చేయాల్సిందే. పచ్చళ్ల సీసా మీద తప్పనిసరిగా ఉండాల్సిన ఫుడ్ లైసెన్స్ నంబరును కంపెనీయే తప్పుగా పంపి, తర్వాత మార్చమంటే మాత్రం అది మార్పే.

తర్వాత విడత అంటే ఏమిటో తేలాలి. యజమాని సోమవారం ఒక మాట, మేనేజర్ బుధవారం ఇంకో మాట, శుక్రవారం వాట్సాప్‌లో మూడో మాట చెబితే అవి మూడు విడతలా, ఒకటా? ఒక్కరే, అన్ని వ్యాఖ్యలూ కలిపి, ఒకే మెయిల్‌లో పంపితే అది ఒక విడత అని రాసుకుంటే ఈ చిక్కు ఉండదు. చివరిది, మౌనం సంగతి. డిజైన్ అందిన 10 రోజుల్లో కంపెనీ నుంచి జవాబు లేకపోతే అంగీకరించినట్టే అన్న వాక్యం చెల్లింపు గడియారాన్ని నడిపిస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి చట్టం 15 రోజుల తర్వాత ఇదే పని చేస్తుందని పైన చూశాం. లేనివారికి మాత్రం ఈ వాక్యమే దిక్కు.

రద్దు: వెళ్లేటప్పుడు ఎవరి దగ్గర ఏం మిగులుతుంది

రద్దు అనగానే ఎన్ని రోజుల నోటీసు అన్నదే చూస్తారు. పచ్చళ్ల కంపెనీ ఏ కారణమూ చెప్పకుండా 7 రోజుల నోటీసుతో పని ఆపేయవచ్చు. డిజైనర్ మాత్రం 30 రోజుల ముందు చెప్పాలి. ఈ తేడా సారాంశంలో కనబడాలి. దాంతోపాటు నోటీసు ఎలా ఇవ్వాలన్నది కూడా రాయాలి. ఈ అగ్రిమెంటు పదో పేజీలో నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాలని, అందిన రోజు నుంచే లెక్కని ఉంది. మెయిల్‌లో మానేస్తున్నానని రాసిన డిజైనర్ 30 రోజులు ఇంకా మొదలే కావు.

అసలు సంగతి నోటీసు తర్వాతి వాక్యంలో ఉంటుంది. తొమ్మిదో పేజీ చివర, రద్దయితే అంగీకారం పొందిన పనికే చెల్లింపు అని ఉంది. ఇప్పుడు నాలుగు షరతులనూ కలిపి చూద్దాం. డిజైనర్ 8 లేబుళ్లు ఇచ్చింది. 5 అంగీకారం పొందాయి. మూడింటి మీద ఇంకా మార్పులు నడుస్తున్నాయి. తొమ్మిదోది సగం అయింది. అప్పుడు కంపెనీ 7 రోజుల నోటీసు ఇచ్చింది. 5 లేబుళ్లకు 25,000. అడ్వాన్సుగా 18,000 ముందే ఇచ్చారు కాబట్టి చేతికి ఇంకా వచ్చేది 7,000, టీడీఎస్ ఉంటే అంతకంటే తక్కువ. మూడు లేబుళ్ల 15,000, సగం పని విలువ 2,500 పోయాయి. మరి ఆ మూడు లేబుళ్లూ, సగం అయినదీ ఎవరివి? సృష్టి అయిన క్షణం నుంచే కంపెనీవి. డబ్బు ఇవ్వకుండానే వాటిని సీసాల మీద అతికించుకునే హక్కు అగ్రిమెంటే ఇచ్చేసింది.

నాలుగు పేజీల్లో విడివిడిగా చదివినప్పుడు ఒక్కో షరతూ మామూలుగానే కనిపించింది. పక్కపక్కన పెట్టాకే నష్టం లెక్క బయటపడింది. అందుకే సారాంశం రాసిన తర్వాత ఇలాంటి లెక్క ఒకటి వేసి చూడాలి: పని సగంలో ఉండగా రద్దయితే ఎవరికి ఎంత, ఎవరికి ఏది?

భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 70వ సెక్షన్, ఉచితంగా ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పని ప్రయోజనాన్ని అవతలివారు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలంటుంది. కానీ చెల్లింపు గురించి ఒప్పందంలోనే స్పష్టంగా ఉన్నప్పుడు కోర్టులు ముందు దాన్నే చూస్తాయి. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని సంతకం చేయకూడదు.

నాలుగింటిలో ఇమడనివి

కొన్ని షరతులు ఈ నాలుగు అంశాల్లో పట్టవు, అలాగని వదిలేయడానికీ వీల్లేదు. పేజీ కింద రెండు మూడు వాక్యాలకు చోటు ఉంచాలి. మొదటిది నష్టపరిహారం పూచీ. లేబుల్ వల్ల కంపెనీకి ఏ నష్టం వచ్చినా డిజైనర్ భరించాలని, పరిమితి లేకుండా ఉంటే, అది 60,000 రూపాయల పనికి లక్షల పూచీ. పరిమితిని తీసుకున్న రుసుముకు కట్టేయమని అడగవచ్చు. రెండోది పోటీ నిషేధం. పని అయిపోయాక రెండేళ్లు ఏ పచ్చళ్ల కంపెనీకీ పనిచేయకూడదన్న షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. పని నడుస్తున్న కాలంలో అలాంటి షరతు చెల్లవచ్చు. మూడోది, వివాదం ఏ ఊళ్లో తేల్చుకోవాలన్నది.

చివరి పేజీలో ఉండే ‘ఇదే సంపూర్ణ ఒప్పందం’ అన్న వాక్యాన్ని ఇక్కడే చూడాలి. సంతకానికి ముందు ఫోన్లో, మెయిల్లో ఇచ్చిన హామీలను అది తుడిచేస్తుంది. ‘రెండు మార్పులకంటే ఎక్కువ అడగం లెండి’ అని మేనేజర్ మాటిచ్చినా, అగ్రిమెంటులో లేకపోతే చేతికి అందదు. అందుకే సారాంశం రాసుకుని దాచుకుంటే సరిపోదు. అందులో బయటపడిన లోపాలను అగ్రిమెంటులోనే దిద్దించాలి, లేదా ఇద్దరూ సంతకం చేసే అనుబంధంలో పెట్టి, తేడా వస్తే అనుబంధమే చెల్లుతుందని రాయించాలి. మెయిల్ ద్వారా కుదిరిన ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 10ఏ సెక్షన్ చెబుతుంది కాబట్టి, అనుబంధానికి మెయిల్లో స్పష్టమైన సమ్మతి వచ్చినా కొంత బలమే. కాపీరైట్ బదిలీకి మాత్రం సంతకం ఉన్న రాత కావాలి.

పచ్చళ్ల కంపెనీతో మాట్లాడుకున్నాక అనుబంధం ఈ రూపానికి వచ్చింది అనుకుందాం.

చెల్లింపు: లేబుల్‌కు 5,000, మొత్తం 60,000; జీఎస్టీ వర్తిస్తే అదనం. 18,000 అడ్వాన్సు అందాక పని మొదలు. నాలుగేసి లేబుళ్లు అంగీకారం పొందగానే ఇన్వాయిస్, 30 రోజుల్లో చెల్లింపు.

యాజమాన్యం: పూర్తి చెల్లింపు అందిన రోజు నుంచి, చెల్లించిన లేబుళ్ల కాపీరైట్ శాశ్వతంగా, ప్రపంచమంతటా కంపెనీది. పక్కన పెట్టిన నమూనాలు డిజైనర్‌వి. మార్కెట్లోకి వచ్చాక లేబుళ్లను పోర్ట్‌ఫోలియోలో చూపించవచ్చు.

మార్పులు: లేబుల్‌కు రెండు విడతలు. ఒక్కో విడత వ్యాఖ్యలు ఒకే మెయిల్‌లో. మూడో విడత నుంచి 800 రూపాయలు. 10 రోజుల్లో జవాబు లేకపోతే అంగీకారం.

రద్దు: ఎవరైనా 15 రోజుల ముందు మెయిల్‌లో చెప్పాలి. అప్పటికి అందిన లేబుళ్లకు పూర్తి రుసుము, సగం అయినవాటికి అయినంత మేరకు.

అవే అంకెలతో మళ్లీ లెక్క వేస్తే, రద్దు రోజున 8 లేబుళ్లకు 40,000, సగం లేబుల్‌కు 2,500. అడ్వాన్సు పోగా రావాల్సింది 24,500 రూపాయలు. పాత షరతుల కింద వచ్చే 7,000తో పోలిస్తే తేడా 17,500. అది చెల్లించేవరకు లేబుళ్ల కాపీరైట్ డిజైనర్ దగ్గరే ఉంటుంది.

కంపెనీ ఈ నాలుగింటినీ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు డిజైనర్ పట్టుబట్టాల్సినవి రెండు: మౌనాన్ని అంగీకారంగా లెక్కించే వాక్యం, చెల్లింపు తర్వాతే యాజమాన్యం అనే వాక్యం. రేటులో కొంత తగ్గినా ఈ రెండూ ఉంటే నష్టం లెక్కకు అందుతుంది. రెండూ లేకపోతే రేటు ఎంత పెంచినా అది కాగితం మీది అంకె.

సంతకం అయ్యాక కూడా ఆ పేజీ పనికొస్తుంది. ప్రతి లేబుల్ అందించిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, ఇన్వాయిస్ తేదీ, గడువు తీరే తేదీ దాని మీదే రాసుకుంటూ పోవాలి. బకాయి కోసం దావా వేయడానికి చట్టం ఇచ్చే కాలం, డబ్బు రావాల్సిన తేదీ నుంచి సాధారణంగా మూడేళ్లు. ఆ తేదీ ఏదో రుజువు చేయాల్సింది డబ్బు అడిగేవారే.